గ్రామ కరువు ప్రణాళిక

గ్రామ కరువు ప్రణాళిక అనగా వర్షాలు సరిగా కురవని సంవత్సరంలో ఒక గ్రామానికి అందుబాటులో ఉన్న నీరు ఎంత, అది ఎవరికి ముందు, ఎవరికి తరువాత చేరాలి, స్థానిక వనరులు ఎండిపోతే బయటి నుండి ఎంత నీరు, ఏ విధంగా తేవాలి అనే విషయాలను గ్రామసభ ముందుగానే లెక్కవేసి నిర్ణయించుకునే విధానం. ఇందులో మూడు భాగాలు ఉంటాయి. అవి నీటి బడ్జెట్, వాడకంలో ప్రాధాన్యక్రమం, ట్యాంకర్ల నిర్వహణ. సాధారణంగా కరువు ప్రణాళిక అంటే వేసవిలో ట్యాంకర్లు తోలడమే అనుకుంటారు. కాని రాయలసీమ వంటి రాతినేల ప్రాంతాలలో మే నెలలో తాగునీరు ఉంటుందా లేదా అనేది చాలావరకు అంతకుముందు అక్టోబరు, నవంబరు నెలలలో రైతులు వేసే రబీ పంటల వల్లనే తేలిపోతుంది. అందువల్ల ప్రణాళికను రబీ విత్తనానికి ముందే తయారు చేయవలసి ఉంటుంది.

ఈ వ్యాసంలో అనంతపురం ప్రాంతపు పరిస్థితులకు సరిపోయే ఒక ఊహాత్మక గ్రామాన్ని ఉదాహరణగా తీసుకొని లెక్కలు చూపబడినవి. అంకెలు పద్ధతిని వివరించడానికి ఉద్దేశించినవి. ఏ గ్రామానికి ఆ గ్రామం తన కొలతలతో వీటిని తిరిగి వేసుకోవాలి.

## నేపథ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఇది ఒకటి. 2022లో ఈ జిల్లాను అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజించారు. ఇక్కడి నేల అడుగున ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్ళు ఉన్నాయి. ఇటువంటి రాతిలో నీరు పైనున్న మెత్తబడిన పొరలోను, దాని కింద ఉన్న పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. నదీతీరపు ఇసుక నేలలతో పోలిస్తే ఈ నిల్వ చాలా స్వల్పం. ఒక సంవత్సరం ఇంకిన నీరు దాదాపు ఆ సంవత్సరంలోనే ఖర్చయిపోతుంది. మరుసటి ఏటికి మిగిలేది తక్కువ.

ఇక్కడ వ్యవసాయానికి, తాగునీటికి వేర్వేరు వనరులు ఉండవు. పంచాయతీ రక్షిత మంచినీటి పథకపు బోరు, దాని పక్కనున్న రైతు బోరు ఒకే పొర నుండి నీరు తోడుతాయి. ఎక్కువ లోతు, ఎక్కువ శక్తిగల మోటారు ఉన్నవారికి నీరు ముందు అందుతుంది. వేసవిలో మొదట ఎండిపోయేవి తక్కువ లోతు గల చేతిపంపులు. వాటిపై ఆధారపడేవారు ఎక్కువగా సొంత బోరు లేని కుటుంబాలు, శివారు కాలనీలు, తండాలవారు. పంటల నిర్ణయంలో వీరికి పాత్ర ఉండదు గాని, ఆ నిర్ణయం ఫలితం మొదట పడేది వీరి మీదనే.

## నీటి బడ్జెట్

నీటి బడ్జెట్ అంటే ఇంటి ఖర్చుల పద్దు వంటిదే. ఒకవైపు రాబడి, అనగా భూమిలోకి ఇంకిన నీరు. మరొకవైపు ఖర్చు, అనగా మనుషులు, పశువులు, పంటలు వాడే నీరు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతిని పెద్దయెత్తున రైతుల చేతనే చేయించిన కార్యక్రమం ఆంధ్రప్రదేశ్ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్ పథకం. 2000ల దశాబ్దంలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ఇది అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో అమలు జరిగింది. రైతులే వర్షమానిని చూసి వర్షాన్ని, టేపుతో బోర్లలోని నీటిమట్టాన్ని నమోదు చేసి, రబీకి ముందు సమావేశమై పంటల నీటి లెక్క వేసేవారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్కను అందరి ముందు ఉంచి, నిర్ణయం రైతుకే వదిలివేశారు.

### రాబడి

ఉదాహరణ గ్రామ విస్తీర్ణం 1,000 హెక్టార్లు అనుకుందాం. జనాభా 1,800. జూన్ నుండి అక్టోబరు నెలాఖరు వరకు 330 మిల్లీమీటర్ల వర్షం పడింది. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వర్షం పడితే 10 ఘనపు మీటర్ల నీరు అవుతుంది. ఒక ఘనపు మీటరు అంటే 1,000 లీటర్లు. ఆ లెక్కన గ్రామంపై పడిన మొత్తం వర్షపు నీరు 33 లక్షల ఘనపు మీటర్లు.

ఇందులో చాలా భాగం ఆవిరై, పైర్లు పీల్చుకొని, వాగుల వెంట పోతుంది. భూమిలోకి ఇంకేది స్వల్పం. దేశంలో భూగర్భజలాల అంచనాకు వాడే ప్రమాణాల ప్రకారం మెత్తబడిన గ్రానైటు నేలల్లో బంకమన్ను ఎక్కువగా ఉంటే సుమారు 8 శాతం, తక్కువగా ఉంటే సుమారు 11 శాతం వర్షం ఇంకుతుంది. కరువు సంవత్సరంలో తక్కువ అంకెను తీసుకోవడం క్షేమం. 33 లక్షలలో 8 శాతం అంటే 2,64,000 ఘనపు మీటర్లు. ఇందులో పదోవంతు, అనగా 26,400 ఘనపు మీటర్లు, వాగులోకి ఊటగా పోతుందని తీసివేయాలి.

ఖరీఫ్‌లో ఇప్పటికే తోడిన నీటిని కూడా తీసివేయాలి. గ్రామంలో పనిచేస్తున్న బోర్లు 60, ఒక్కొక్కటి గంటకు 3 ఘనపు మీటర్ల చొప్పున, రోజుకు సగటున 5 గంటలు, 100 రోజులు నడిచాయనుకుంటే 90,000 ఘనపు మీటర్లు ఖర్చయినట్లు. చివరకు నవంబరు 1 నాటికి చేతిలో మిగిలేది 1,47,600 ఘనపు మీటర్లు. చెరువు నిండలేదు కనుక దాని నుండి రాబడి లేదు. నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య రుతుపవనాల వల్ల వర్షం పడితే అది అదనపు లాభమే గాని, దానిని ముందుగా పద్దులో రాసుకోకూడదు.

### లెక్కను సరిచూసుకొనుట

పై అంచనా ఎంతవరకు నిజమో తెలుసుకొనుటకు ఒక మార్గం ఉంది. మే నెలాఖరున, అక్టోబరు నెలాఖరున గ్రామంలోని పది, పదిహేను బోర్లలో నీటిమట్టం కొలవాలి. కొలత ఉదయాన్నే, మోటారు వేయకముందు తీసుకోవాలి. మోటారు నడిచిన వెంటనే కొలిస్తే మట్టం లోతుగా కనిపించి లెక్క తప్పుతుంది. పెరిగిన మట్టపు సగటును గ్రామ విస్తీర్ణంతో గుణించి, అందులో నూటికి ఒకటిన్నర వంతు తీసుకోవాలి. ఇటువంటి రాతి పొరలో విడుదలయ్యే నీరు సుమారు అంతే ఉంటుంది. ఉదాహరణ గ్రామంలో సగటున ఒక మీటరు మట్టం పెరిగిందనుకుంటే వచ్చేది 1,50,000 ఘనపు మీటర్లు. వర్షం ద్వారా వేసిన 1,47,600 అంకెకు ఇది దగ్గరగా ఉంది కనుక లెక్కను నమ్మవచ్చు. రెండు అంకెల మధ్య చాలా తేడా వస్తే ఇంకుడు శాతాన్నో, బోర్లు నడిచిన గంటలనో తిరిగి పరిశీలించాలి.

### ఖర్చు

జులై నెలాఖరు వరకు నీరు చాలాలి. జూన్‌లోనే తొలకరి వచ్చినా, బోర్లలో ఊట పెరగడానికి మరికొన్ని వారాలు పడుతుంది. నవంబరు 1 నుండి జులై 31 వరకు 273 రోజులు.

2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ ప్రకారం గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. అంతకుముందు ఈ ప్రమాణం చాలాకాలం 40 లీటర్లుగా ఉండేది. 1,800 మందికి రోజుకు 99 ఘనపు మీటర్లు కావాలి. పశువులలో 300 ఆవులు, ఎద్దులు, గేదెలకు ఒక్కొక్కదానికి 50 లీటర్లు, 1,500 గొర్రెలు, మేకలకు ఒక్కొక్కదానికి 5 లీటర్ల చొప్పున రోజుకు 22.5 ఘనపు మీటర్లు అవుతుంది. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రాలకు 3 ఘనపు మీటర్లు. మొత్తం 273 రోజులకు సుమారు 34,000 ఘనపు మీటర్లు. గొట్టాలలో కారిపోయేదానికి 15 శాతం కలిపితే 39,000 ఘనపు మీటర్లు అవుతుంది.

ఈ 39,000ను పద్దులో మొదట పక్కన పెట్టి, మిగిలిన 1,08,600 ఘనపు మీటర్లను మాత్రమే పంటలకు చూపాలి. ముందు పంటలకు పంచి మిగిలినది తాగునీటికి అనుకుంటే ఏమీ మిగలదు. అది ఈ కింది లెక్కలో తెలుస్తుంది.

### పంటల లెక్క

గ్రామసభలో రైతులు రబీలో 20 ఎకరాల వరి, 50 ఎకరాల వేరుశనగ వేయదలచినట్లు చెప్పారనుకుందాం. 30 ఎకరాల చీనీ తోటలు ఇప్పటికే ఉన్నాయి. వరికి పంటకాలమంతా కలిపి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. అనగా ఎకరాకు 4,850 ఘనపు మీటర్లు. రబీ వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు, ఎకరాకు 2,000 ఘనపు మీటర్లు. చీనీకి ఎకరాకు 100 చెట్లు, బిందుసేద్యంలో చెట్టుకు రోజుకు సగటున 50 లీటర్ల చొప్పున 273 రోజులకు సుమారు 1,365 ఘనపు మీటర్లు.

| పంట | రైతులు అనుకున్నది | నీరు (ఘనపు మీటర్లు) | సవరించిన తరువాత | నీరు (ఘనపు మీటర్లు) |
|---|---|---|---|---|
| వరి | 20 ఎకరాలు | 97,000 | లేదు | 0 |
| వేరుశనగ | 50 ఎకరాలు | 1,00,000 | 15 ఎకరాలు | 30,000 |
| కొర్ర, జొన్న | లేదు | 0 | 20 ఎకరాలు | 12,000 |
| చీనీ | 30 ఎకరాలు | 41,000 | 30 ఎకరాలు | 41,000 |
| మొత్తం | 100 ఎకరాలు | 2,38,000 | 65 ఎకరాలు | 83,000 |

అనుకున్న ప్రకారమే పంటలు వేస్తే ఉన్న నీటికంటె 1,29,400 ఘనపు మీటర్లు ఎక్కువ కావాలి. అంత నీరు లేదు కనుక ఫిబ్రవరి, మార్చి నెలలలో పంట ఎండిపోతుంది. ఎండిపోయేలోపు తాగునీటి వాటా కూడా దానికే ఖర్చయి ఉంటుంది. సవరించిన పట్టికలో కొర్ర, జొన్నలకు 50 మిల్లీమీటర్ల చొప్పున మూడు తడులు మాత్రమే ఇస్తారు. ఎకరాకు 600 ఘనపు మీటర్లు సరిపోతుంది. ఈ విధంగా 25,600 ఘనపు మీటర్లు నిల్వగా మిగులుతుంది. వరిమడి నుండి కొంత నీరు తిరిగి భూమిలోకి ఇంకుతుందన్న మాట నిజమే. అయితే అది ఆలస్యంగా చేరుతుంది, తాగునీటి బోరు ఉన్నవైపే చేరుతుందన్న నమ్మకం లేదు. అందువల్ల కరువు పద్దులో దానిని రాబడిగా చూపకపోవడం మంచిది.

చీనీ తోటలకు నీరు తగ్గించకపోవడానికి కారణం ఉంది. ఏకవార్షిక పంట పోతే ఒక ఏటి నష్టం. చెట్టు ఎండిపోతే తిరిగి కాపుకు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అయినా నీరు ఇంకా తగ్గితే కాపును వదులుకొని చెట్టు బతకడానికి చాలినంత మాత్రమే ఇవ్వవలసి ఉంటుంది.

## ప్రాధాన్యక్రమం

నీరు తగ్గుతున్నప్పుడు ఏ వాడకాన్ని ముందు ఆపాలో సభలో ముందే రాసి తీర్మానించుకోవాలి. కొరత వచ్చిన తరువాత చర్చ మొదలుపెడితే బలవంతుల మాటే చెల్లుతుంది. సాధారణంగా అనుసరించే క్రమం ఇది.

1. మనుషులకు తాగడానికి, వంటకు
2. పశువులకు తాగడానికి
3. బడి, ఆరోగ్య ఉపకేంద్రం, అంగన్‌వాడీ అవసరాలు
4. స్నానం, బట్టలు, మరుగుదొడ్లు
5. తోటలలో చెట్లను బతికించడం
6. ఏకవార్షిక పంటలు
7. ఇళ్ళ నిర్మాణం, ఇటుక బట్టీలు, వాహనాలు కడగడం వంటివి

ఆపడం ఏడవ వరుస నుండి మొదలై పైకి రావాలి. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కాలో తేదీలతో కాక, తాగునీటి బోరులోని నీటిమట్టంతో నిర్ణయించుకోవాలి. ఎందుకంటే గ్రామం మొత్తం మీద పద్దు మిగులు చూపినా తాగునీటి బోరు ఎండిపోవచ్చు. రాతిలోని పగుళ్ళు అన్నిచోట్ల కలిసి ఉండవు. లోతైన పగుళ్ళలో నిల్వ స్వల్పం కనుక, గ్రామ సగటు ఒక మీటరు తగ్గినప్పుడు ఎక్కువ తోడే చోట మట్టం పదుల మీటర్లు పడిపోవచ్చు.

ఉదాహరణ గ్రామంలో పంచాయతీ బోరు లోతు 75 మీటర్లు, మోటారు 65 మీటర్ల దగ్గర దించి ఉంది. అక్టోబరు నెలాఖరున నీరు 24 మీటర్ల లోతులో ఉంది. గత కరువు సంవత్సరపు పుస్తకం ప్రకారం నెలకు 5 మీటర్ల చొప్పున మట్టం పడిపోయింది. మోటారు పైన కనీసం 6 మీటర్ల నీరు ఉండాలి కనుక 59 మీటర్లు చివరి హద్దు. ఇదే వేగంతో పోతే ఏడు నెలలలో, అనగా మే నెలాఖరుకు బోరు చేతులెత్తేస్తుంది. జూన్, జులై నెలలకు నీరు బయటి నుండి తేవాలన్న సంగతి నవంబరులోనే ఈ లెక్క చెబుతుంది. దీనిని బట్టి మూడు మెట్లు ఏర్పరచుకోవచ్చు.

మొదటి మెట్టు, 39 మీటర్లు: ఏడవ వరుసలోని వాడకాలన్నీ ఆపాలి. కారుతున్న గొట్టాలు, మూతలేని వీధి కుళాయిలు బాగుచేయాలి. కుళాయి నీటిని నిర్ణీత వేళలలో మాత్రమే వదలాలి.

రెండవ మెట్టు, 49 మీటర్లు: మనిషికి 55 లీటర్లను 40కి తగ్గించాలి. తాగునీటి బోరుకు చుట్టుపక్కల ఉన్న సేద్యపు బోర్లను ఆపాలి. ఆ రైతుకు నిలిచి ఉన్న పంట నష్టానికి పరిహారం ఎంత, ఎవరు ఇవ్వాలి అనేది నవంబరు సభలోనే తేల్చి ఉండాలి. లేకపోతే ఈ మెట్టు కాగితం మీదనే మిగిలిపోతుంది.

మూడవ మెట్టు, 59 మీటర్లు: తాగునీటికి, వంటకు మనిషికి 20 లీటర్ల చొప్పున ట్యాంకరు ద్వారా ఇవ్వాలి. విపత్తు సహాయక చర్యలలో ప్రపంచవ్యాప్తంగా కనీస ప్రమాణంగా భావించేది 15 లీటర్లు. అంతకంటె దిగితే శుభ్రత దెబ్బతిని అతిసారం వంటి వ్యాధులు వ్యాపిస్తాయి.

బోరు అలసిపోతున్నదనడానికి టేపు లేకుండానే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. నీటితోపాటు గాలి తన్నుకొని రావడం, నీరు బురదగా రావడం, మోటారు వేసిన కొద్దిసేపటికే ధార సన్నబడి, ఆపి కొంతసేపు ఉంచితే తిరిగి లావుగా రావడం అందులో ముఖ్యమైనవి. ఈ విరామం రోజురోజుకూ పెరుగుతూ ఉంటే బోరు చివరి దశకు చేరినట్లు గ్రహించాలి.

చట్టపరంగా చూస్తే 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం (వాల్టా) ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల ఇతర అవసరాలకు కొత్త బావి తవ్వడాన్ని నిషేధిస్తుంది. తాగునీటి వనరుకు హాని కలిగిస్తున్న బావి నుండి తోడకాన్ని నియంత్రించే అధికారాన్ని కూడా అధికారులకు ఇస్తుంది. అయితే చట్టం కంటె ముందు చేసుకున్న ఒప్పందమే గ్రామంలో ఎక్కువగా నిలబడుతుంది.

## ట్యాంకర్ల నిర్వహణ

### ఎన్ని ట్రిప్పులు కావాలి

1,800 మందికి 20 లీటర్ల చొప్పున రోజుకు 36,000 లీటర్లు కావాలి. ట్రాక్టరు ట్యాంకరు 5,000 లీటర్లు పడుతుందనుకుంటే రోజుకు 8 ట్రిప్పులు. నీరు 6 కిలోమీటర్ల దూరంలోని ఒక రైతు బోరు నుండి అద్దెకు తీసుకుంటున్నారు.

ఆ బోరు ఎంత నీరు ఇస్తుందో నోటిమాటగా "రెండు అంగుళాల నీళ్ళు" అనుకొని ఊరుకోకూడదు. 200 లీటర్ల డ్రమ్మును ధార కింద పెట్టి గడియారం చూడాలి. రెండున్నర నిమిషాలలో నిండితే నిమిషానికి 80 లీటర్లు. ఈ పరీక్షను నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, ట్యాంకరు మొదలయ్యే ముందు మరోసారి చేయాలి. నవంబరులో నిండుగా పోసిన బోరు మే నెలలో సగం కూడా పోయకపోవచ్చు.

నిమిషానికి 80 లీటర్ల ధారతో 5,000 లీటర్ల ట్యాంకరు నిండటానికి గంట పైగా పడుతుంది. రానుపోను ప్రయాణం 50 నిమిషాలు, ఊరిలో దించడానికి 20 నిమిషాలు కలిపితే ఒక ట్రిప్పుకు రెండుంబావు గంటలు. తొమ్మిది గంటల పనిదినంలో ఒక ట్రాక్టరు నాలుగు ట్రిప్పులు మాత్రమే తోలగలదు. కాబట్టి రెండు ట్రాక్టర్లు కావాలి. మూడవ ట్రాక్టరు పెట్టినా ప్రయోజనం ఉండదు. ఎందుకంటే అప్పుడు ఆలస్యం రోడ్డు మీద కాదు, బోరు దగ్గర. నీరు చాలడం లేదని ట్యాంకర్లు పెంచే చోట్ల ఈ విషయాన్నే మరచిపోతుంటారు.

కరెంటు మరొక హద్దు. వ్యవసాయ కనెక్షన్‌కు తొమ్మిది గంటలు సరఫరా ఉంటే 43,200 లీటర్లు తోడవచ్చు. కోతలు పడి ఏడు గంటలే ఉంటే 33,600 లీటర్లు మాత్రమే వస్తాయి. అది ఆరు ట్రిప్పులకు మించదు. నింపే చోట 20,000 లీటర్ల తొట్టి కట్టించి, కరెంటు ఉన్నంతసేపు బోరు నీటిని అందులోకి వదిలి, తొట్టి నుండి ఆయిల్ ఇంజనుతో ట్యాంకరు నింపుకుంటే ట్రాక్టరు నిలిచి ఉండే సమయం చాలా తగ్గుతుంది. రాత్రి సరఫరా ఇచ్చినా నీరు వృథా కాదు.

### పశువుల నీరు

పశువులకు రోజుకు 22,500 లీటర్లు కావాలి. దానిని కూడా ట్యాంకరుతో తెస్తే మరో ఐదు ట్రిప్పులు పెరుగుతాయి. దానికి బదులు ఊరిలో ఇంకా కొంత నీరు పోస్తున్న బోరును ఎంచుకొని, గొట్టం ద్వారా పశువుల తొట్లకు వదలడం మంచిది. మనుషులు తాగడానికి రుచించని కొద్దిపాటి ఉప్పునీటిని పశువులు తాగుతాయి. బట్టలకు, మరుగుదొడ్లకు కూడా ఆ నీరే వాడుకోవచ్చు.

### పంపిణీ

ట్యాంకరు వచ్చి వీధిలో నిలవగానే గొట్టం కోసం బిందెలతో తోపులాట జరగడం, వృద్ధులు, ఒంటరి స్త్రీలు వెనుకబడిపోవడం సాధారణంగా కనిపించే దృశ్యం. దీనిని నివారించడానికి 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులను ఎనిమిది చోట్ల దిమ్మెలపై అమర్చి, ఒక్కొక్కదానికి నాలుగైదు కుళాయిలు బిగించాలి. ఒక ట్యాంకు 225 మందికి అనుకుంటే మనిషికి 22 లీటర్లు వస్తుంది. ట్యాంకరు నీటిని ఆ ట్యాంకులోకి దించి వెళ్ళిపోతుంది. జనం తమకు వీలైన వేళ పట్టుకోవచ్చు. ట్రాక్టరు కూడా ఊరిలో ఎక్కువసేపు ఆగనవసరం లేదు.

ట్రిప్పుల వరుస కూడా ముఖ్యమే. చివరి ట్రిప్పులే తప్పిపోతుంటాయి, ఎందుకంటే సాయంత్రానికి కరెంటు పోతుంది లేదా బోరు అలసిపోతుంది. ప్రతిరోజూ ఊరి మధ్య నుండి మొదలుపెడితే శివారు కాలనీకే ఎప్పుడూ లోటు పడుతుంది. మొదటి ట్రిప్పును చేతిపంపులు ఎండిపోయిన శివారు కాలనీకి కేటాయించడం, లేదా వరుసను రోజూ మార్చడం ఇందుకు పరిష్కారం.

### నాణ్యత

అద్దె బోరు నీటిని ఒప్పందానికి ముందే పరీక్ష చేయించాలి. రాయలసీమలోని అనేక ప్రాంతాలలో, నల్గొండ, ప్రకాశం జిల్లాలలో ఫ్లోరైడు ఎక్కువ. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, మరో వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. మరిగించినా, క్లోరిన్ కలిపినా ఫ్లోరైడు పోదు.

సూక్ష్మజీవుల నివారణకు ప్రతి ట్యాంకరులో బ్లీచింగు పొడి కలపాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 5,000 లీటర్లకు 10 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పొడిలో మూడోవంతు వరకు క్లోరిన్ ఉంటుంది. ఎండకు నిలువ ఉన్న పొడిలో అది తగ్గిపోతుంది కనుక 25 శాతం అనుకుంటే 40 గ్రాముల పొడి వేయాలి. పొడిని బక్కెట్టు నీటిలో కలిపి, సున్నపు మడ్డి అడుగుకు దిగిన తరువాత పైతేటను ఖాళీ ట్యాంకరులో పోసి, ఆపైన నీరు నింపితే బాగా కలుస్తుంది. క్లోరిన్ పనిచేయడానికి కనీసం అరగంట కావాలి. ప్రయాణ సమయం, దించే సమయం కలిసి అందుకు సరిపోతాయి. దించేచోట క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు సుమారు 0.5 మిల్లీగ్రాములు, ఇంటి బిందెలో కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఏమీ కనిపించకపోతే పొడి పాతబడిందని గాని, నీరు మురికిగా ఉందని గాని అర్థం.

### పద్దు, తనిఖీ

ట్యాంకర్ల విషయంలో వచ్చే అక్రమాలు ముఖ్యంగా మూడు. తోలని ట్రిప్పులను రాయడం, సగం నింపిన ట్యాంకరును నిండుగా చూపడం, తెచ్చిన నీటిని తోటలకో హోటళ్ళకో అమ్ముకోవడం. వీటిని అరికట్టడానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ప్రతి ట్రిప్పుకు నింపిన సమయం, దించిన సమయం, దించిన ట్యాంకు సంఖ్య ఒక పుస్తకంలో రాసి, ఆ వీధికి చెందిన ఇద్దరు స్త్రీలచేత సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. బిల్లు ఆ సంతకాల లెక్క ప్రకారమే చెల్లించాలి. ట్యాంకరు సామర్థ్యాన్ని మొదటిరోజే డ్రమ్ములతో కొలిచి, నిండు గుర్తును రంగుతో గీయాలి.

పుస్తకం నిజమో కాదో తెలుసుకోవడానికి బోరు లెక్కే మంచి సాక్షి. నిమిషానికి 80 లీటర్లు పోసే బోరు ఏడు గంటల కరెంటుతో ఆరు ట్రిప్పులకు మించి ఇవ్వలేదు. ఆ రోజు పది ట్రిప్పులు రాసి ఉంటే నాలుగు కాగితపు ట్రిప్పులని గ్రహించవచ్చు.

## పరిమితులు

నీటి బడ్జెట్ ఒక అంచనా మాత్రమే. ఉదాహరణ గ్రామంలో ఇంకుడు శాతాన్ని 8కి బదులు 11గా తీసుకుంటే పంటలకు చూపగల నీరు 1,08,600 నుండి 1,97,700 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. మూడు శాతం తేడాతో దాదాపు రెట్టింపు అవుతున్నదన్నమాట. అందువల్ల ఒక్కసారి వేసి వదిలేయకుండా నెలకొకసారి నీటిమట్టాలు కొలిచి సవరించుకోవాలి. గ్రామ సరిహద్దు భూగర్భజలానికి సరిహద్దు కాదు. పై ఊరివారు విచ్చలవిడిగా తోడితే కింది ఊరి లెక్క తప్పుతుంది. పైన చెప్పిన పథకంలో గ్రామాన్ని కాక వాగు పరీవాహక ప్రాంతాన్ని లెక్కకు ఆధారంగా తీసుకోవడానికి ఇదే కారణం.

పొరుగు రైతు కూడా తగ్గిస్తాడన్న నమ్మకం లేకపోతే ఏ రైతూ తన పంటను తగ్గించడు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామంలో ఏటా వర్షాన్ని కొలిచి గ్రామసభలో నీటి లెక్క చెప్పి పంటలను నిర్ణయించుకోవడం, సేద్యానికి బోర్లు వేయకూడదన్న కట్టుబాటు అందరికీ సమానంగా వర్తించడం వల్లనే సాధ్యమైంది. అటువంటి కట్టుబాటు లేనిచోట గ్రామమంతటా కాకపోయినా, తాగునీటి బోరు చుట్టూ ఉన్న కొద్దిమంది రైతులతోనైనా ఒప్పందం కుదుర్చుకోవచ్చు.

ఈ ఒప్పందం విలువను ఉదాహరణ గ్రామపు అంకెలతోనే చూడవచ్చు. జూన్, జులై నెలల 61 రోజులలో రోజుకు 8 చొప్పున 488 ట్రిప్పులు తోలాలి. ఆ నీరంతా కలిపి 2,440 ఘనపు మీటర్లు. ఒక ఎకరం వరికి కావలసిన 4,850 ఘనపు మీటర్లలో ఇది సుమారు సగం. అనగా రెండు నెలలపాటు ఊరంతటికీ ట్యాంకర్లతో తోలే నీరు, రబీలో అర ఎకరం వరిమడి తాగే నీటికి సమానం. ఆ అర ఎకరం తాగునీటి బోరుకు దగ్గరలో, అదే పగుళ్ళ మీద ఉన్నప్పుడే దానిని వేయకుండా ఆపడం వల్ల మేలు కలుగుతుంది. అది ఏ మడి అనేది నీటిమట్టాల పుస్తకమే చెప్పగలదు. పంచాయతీ బోరులో మోటారు వేసినప్పుడు ఏ రైతు బోరులో మట్టం తగ్గుతుందో, ఆ రైతు మోటారు వేసినప్పుడు పంచాయతీ బోరులో మట్టం తగ్గుతుందో ఒక రోజు కొలిచి చూస్తే ఆ సంబంధం బయటపడుతుంది.